మెట్లు, పాడి, ఉప్పు: మూడు సాకుల చాటున థైరాయిడ్

థైరాయిడ్ మందగిస్తే ఒళ్ళు వస్తుందని, చలికి ఓర్చుకోలేరని, జుట్టు రాలుతుందని, మలబద్ధకం పట్టుకుంటుందని ఈ రోజుల్లో చాలామందికి తెలుసు. అదే జబ్బు కొందరిలో మొదట పిక్కల నొప్పిగా కనబడుతుంది. కొందరిలో రాత్రిపూట అరచేతుల తిమ్మిరిగా, ఇంకొందరిలో రక్తంలో సోడియం తగ్గడంగా బయటపడుతుంది. నొప్పి కోసం ఎముకల డాక్టరు దగ్గరికి, తిమ్మిరి కోసం నరాల డాక్టరు దగ్గరికి, తల తిరుగుతోందని ఊళ్ళో క్లినిక్‌కు వెళ్తారు. వెళ్ళిన ప్రతిచోటా ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. మన తిరుపతి, చిత్తూరు వైపు ఆ కారణాలు మరీ సులువుగా దొరుకుతాయి. కొండకు నడిచి వెళ్ళొచ్చారు కాబట్టి కాళ్ళు నొప్పి. పొద్దునా సాయంత్రం పాలు పిండుతారు కాబట్టి చేతుల తిమ్మిరి. బీపీకి ఉప్పు తగ్గించారు కాబట్టి సోడియం తక్కువ. మూడూ నమ్మదగినవే. అందుకే వాటి వెనక ఉన్న థైరాయిడ్ నెలల తరబడి ఎవరికీ కనబడదు.

పలమనేరు దగ్గర ఒక పల్లెలో ఉండే 54 ఏళ్ళ గృహిణిని తీసుకుందాం. ఈమె ఫలానా మనిషి కాదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో కనబడే వివరాలను ఒకరిలో కూర్చి చెబుతున్నాను. ఇంట్లో రెండు ఆవులు. పాలు చేత్తోనే పిండి డెయిరీకి పోస్తుంది. బీపీకి రెండేళ్ళుగా ఒక మాత్ర వాడుతోంది. అందులో రెండు మందులు కలిసి ఉన్నాయి, రెండోది హైడ్రోక్లోరోథయజైడ్ అనే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు. నాలుగు నెలల కిందట కొలెస్ట్రాల్ 292 వచ్చిందని రాత్రికి ఒక స్టాటిన్ మాత్ర కూడా చేరింది. మొక్కు ఉందని అలిపిరి నుంచి నడిచి తిరుమల వెళ్ళింది. 3550 మెట్లు. మోకాళ్ళ మెట్టు దగ్గర కాళ్ళు ఇక లేవలేదు, కొడుకు చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఇంటికొచ్చి మూడు వారాలైనా పిక్కలు, తొడలు నొప్పే. పీట మీద నుంచి లేవాలంటే చెయ్యి ఆనించాల్సి వస్తోంది.

“మెట్లెక్కితే ఎవురికైనా నొప్పులొస్తాయి, నాకు మాత్రం తగ్గకుండా ఉండాది సార్” అంటుంది. ఈ మాటలోనే అసలు ఆధారం ఉంది.

అలవాటు లేని శ్రమ చేస్తే కండరాలు నొప్పి పెడతాయి. ఆ నొప్పి రెండో రోజుకు, మూడో రోజుకు బాగా పెరిగి, వారంలో సర్దుకుంటుంది. కండరం నలిగినప్పుడు అందులో ఉండే ఒక ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది. దాని పేరు క్రియాటిన్ కైనేజ్. మన ల్యాబుల్లో దాన్ని సీపీకే అని రాస్తారు. ఆడవాళ్ళలో మామూలుగా 200 లోపు ఉంటుంది, ల్యాబును బట్టి కొంచెం తేడా వస్తుంది. కొండ ఎక్కి దిగిన మర్నాడు అది వేలల్లో ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. కానీ అదీ వారం పది రోజుల్లో దిగిపోవాలి. ఈవిడకు మూడు వారాల తర్వాత చేస్తే 1840 వచ్చింది. అంటే మెట్ల మీద తోసేయడానికి వీల్లేదు. కండరం ఇంకా కారుతూనే ఉంది. ఎందుకో వెతకాలి.

అదే రిపోర్టులో ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 48 ఉన్నాయి. వీటిని చూడగానే లివర్ దెబ్బతిందంటారు, కొలెస్ట్రాల్ మాత్ర మాన్పించి లివర్ టానిక్ రాస్తారు. ఎస్‌జీఓటీ లివర్‌లోనే కాదు, కండరంలోనూ దండిగా ఉంటుంది. ఎస్‌జీఓటీ ఎక్కువగా, ఎస్‌జీపీటీ కొంచెంగా పెరిగి, లివర్‌కు సంబంధించిన మరో ఎంజైమ్ జీజీటీ మామూలుగానే ఉంటే, ముందు సీపీకే చూడాలి. ఒక్క పరీక్షతో అనుమానం లివర్ నుంచి కండరం మీదికి మళ్ళుతుంది. క్రియాటినిన్ 1.3 ఉంది. దానికీ కిడ్నీ జబ్బని భయపెట్టనక్కర్లేదు. థైరాయిడ్ బాగా మందగించినప్పుడు కిడ్నీలకు వెళ్ళే రక్తం తగ్గి క్రియాటినిన్ కొద్దిగా పెరగడం మామూలే. చికిత్సతో అది దిగుతుంది.

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే కండరానికి ఏమవుతుంది? కండరంలో దాచిన గ్లైకోజెన్‌ను విడగొట్టి శక్తిగా మార్చే పని నెమ్మదిస్తుంది. చురుగ్గా కుదించుకునే పోగులు తగ్గిపోతాయి. కుదించుకున్న కండరం సడలాలంటే లోపలి కాల్షియం మళ్ళీ తన గూటికి చేరాలి, అదీ ఆలస్యమవుతుంది. అందుకే బిగువు, పట్టేయడం, అలసట. కండరం పొర పట్టు తప్పి ఎంజైమ్ బయటికి కారుతుంది. తొడలు, తుంటి, భుజాల దగ్గరి పెద్ద కండరాలు ఎక్కువగా దెబ్బతింటాయి. అందుకే కింద కూర్చుంటే లేవలేకపోవడం, చేతులెత్తి జడ వేసుకోలేకపోవడం మొదలవుతాయి. హార్మోన్ బాగా తగ్గినవాళ్ళలో సగానికి పైగా సీపీకే పెరిగే ఉంటుంది, చాలామందికి నొప్పి పెద్దగా లేకపోయినా సరే.

ఈ ఆలస్యాన్ని కంటితో చూడవచ్చు. రోగిని మంచం అంచున కూర్చోబెట్టి, మడమ పైనున్న స్నాయువు మీద చిన్న సుత్తితో తట్టాలి. పాదం కిందికి కదులుతుంది. అది అందరికీ దాదాపు ఒకేలా జరుగుతుంది. తిరిగి పైకి రావడంలోనే అసలు తేడా. థైరాయిడ్ తగ్గినవాళ్ళలో పాదం, క్లోజర్ బిగించిన తలుపులా తాపీగా తన చోటికి వస్తుంది. దీనికి ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. రక్తపరీక్ష వచ్చాక ఈ పరీక్షను చాలాచోట్ల వదిలేశారు. నా మట్టుకు ఇది నష్టమే. సీపీకే పెరిగిన మనిషిలో మడమ ఇలా తాపీగా తిరిగొస్తే, థైరాయిడ్ రిపోర్టు రాకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

కండరాల ఈ ఇబ్బందిని వైద్యులు గమనించి వందేళ్ళు దాటింది. 1897లో జర్మనీకి చెందిన యోహాన్ హాఫ్‌మన్, థైరాయిడ్ గ్రంథి తీసేసిన తర్వాత కండరాలు బిగుసుకుని సడలడానికి కష్టపడిన ఒక రోగి గురించి రాశాడు. పెద్దవాళ్ళలో పిక్కలు ఉబ్బి, చూడ్డానికి బలంగా, లోపల నీరసంగా ఉండే రూపాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పిక్కలు అలా గట్టిగా కనబడితే వ్యాయామం వల్ల వచ్చిన బలమని పొరపాటు పడవద్దు.

ఇప్పుడు స్టాటిన్ సంగతి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లివర్ లాక్కోవడం తగ్గుతుంది, అందుకే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అంటే ఈవిడకు 292 వచ్చింది థైరాయిడ్ వల్లే కావచ్చు. దాన్ని చూసి స్టాటిన్ ఇచ్చారు. అప్పటికే బలహీనపడిన కండరం మీద స్టాటిన్ ఇంకాస్త భారం పెడుతుంది. ఆ మీద 3550 మెట్లు. స్టాటిన్ చెడ్డ మందు కాదు, గుండెపోటు వచ్చినవాళ్ళకు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళకు అది ప్రాణాధారం. నొప్పులని భయపడి వాళ్ళు సొంతంగా మానేయకూడదు. అయితే కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ వచ్చినప్పుడు, స్టాటిన్ మొదలుపెట్టే ముందే ఒక్క టీఎస్‌హెచ్ పరీక్ష చేయించి ఉంటే ఈ నొప్పి తప్పేది. నొప్పులతో పాటు మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం వాయిదా వేయకూడదు. కండరం విరిగి కిడ్నీలను అడ్డుకుంటోందని అర్థం, ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

చేతుల దగ్గరికి వద్దాం. ఏడాదిగా ఈవిడకు రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వస్తోంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, సూదులు గుచ్చినట్టుంటాయి. లేచి చేతులు విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. పాలు పిండుతుంటే మధ్యలో వేళ్ళు మొద్దుబారి, చెంబు జారిపోతోంది. ఊళ్ళో అందరూ మెడ అరిగిందన్నారు, మెడకు పట్టీ కొనిచ్చారు.

మణికట్టు లోపలి వైపు ఒక ఇరుకు దారి ఉంది. కింద చిన్న చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీ లాంటి కణజాలం. ఆ సందులోంచి వేళ్ళను మడిచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం అనే ఒక నరం అరచేతిలోకి వెళ్తాయి. లోపల ఏ కొంచెం వాచినా, అన్నిటికంటే మెత్తగా ఉన్న నరమే నలుగుతుంది. దీన్నే కార్పల్ టన్నెల్ జబ్బు అంటారు. ఆ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం చూసుకుంటుంది. చిటికెనవేలి దగ్గర మరో నరం. కాబట్టి తిమ్మిరిలో చిటికెనవేలు ఉందా లేదా అని రోగిని నిదానంగా అడగాలి. చిటికెనవేలు బాగుండి, మిగతా మూడున్నర వేళ్ళే తిమ్మిరెక్కుతుంటే, రాత్రి నిద్ర లేపుతుంటే, విదిలిస్తే తగ్గుతుంటే, అది మెడ కంటే మణికట్టు జబ్బే అయ్యే అవకాశం ఎక్కువ. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచితే తిమ్మిరి మొదలవుతుందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఖాయంగా చెప్పేది నరాల వేగం కొలిచే పరీక్ష.

థైరాయిడ్‌కు ఇక్కడేం పని? లండన్ వైద్యుడు విలియం ఆర్డ్ 1878లో ఈ జబ్బుకు మిక్సిడీమా అని పేరు పెట్టాడు. చనిపోయిన రోగుల చర్మం కింద జిగురు లాంటి పదార్థం పేరుకుని ఉండటం ఆయన చూశాడు. హార్మోన్ తగ్గినప్పుడు చక్కెరలతో తయారైన ఈ జిగురు పదార్థాలు చర్మం కింద, కళ్ళ చుట్టూ, గొంతులో, స్నాయువుల చుట్టూ చేరి నీటిని పట్టి ఉంచుతాయి. గొంతులో చేరితే బొంగురు గొంతు. మణికట్టు ఇరుకులో చేరితే నరానికి ఒత్తిడి. ఈవిడ గొంతు ఆర్నెల్లుగా బొంగురుపోయింది. దాన్నెవరూ పట్టించుకోలేదు, జలుబనుకున్నారు. చలి ఎక్కువైంది, స్వెట్టర్ తీయడం లేదు. పలమనేరు మిట్ట మీద చలి ఎవరికైనా ఉండేదే కదా అని ఊరుకున్నారు.

పాలు పిండటం వల్ల కార్పల్ టన్నెల్ రాదా అంటే, వస్తుంది. గంటల తరబడి మణికట్టు వంచి వేళ్ళు బిగించే పని ఏదైనా ఈ నరాన్ని ఇబ్బంది పెడుతుంది. చింతపండు గింజ తీసేవాళ్ళు, కుట్టుపని చేసేవాళ్ళు కూడా ఇలాగే వస్తారు. తేడా పట్టేందుకు ఒక గుర్తు చెబుతాను. పని వల్ల వచ్చేది ఎక్కువగా వాడే చేతిలో ముందు మొదలై, పని మానితే కొంత ఊరటనిస్తుంది. రెండు చేతులకూ దాదాపు ఒకేసారి వస్తే ఒంట్లో ఏదో ఉందని అనుమానించాలి. షుగరు, కీళ్ళవాతం, గర్భం, థైరాయిడ్ ఈ వరుసలో ముందుంటాయి. పని ఒక్కటే కారణమని తేల్చేముందు షుగరు, టీఎస్‌హెచ్ రెండూ చూడాలి. ఈ రెండు పరీక్షలకు అయ్యే ఖర్చు మెడకు కొన్న పట్టీతో పోలిస్తే పెద్దదేమీ కాదు.

మూడోది సోడియం. నాకు బాగా ముఖ్యమనిపించేది ఇదే. మిగతా రెండింటిలో థైరాయిడ్‌ను మరచిపోవడం తప్పైతే, ఇక్కడ దాన్ని తొందరపడి పట్టుకోవడం కూడా అంతే ప్రమాదం.

ఈవిడకు తల బరువుగా ఉంది, వికారంగా ఉంది, నడుస్తుంటే తూలుతోంది. సోడియం 126. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఇంట్లోవాళ్ళు ఉప్పు తక్కువైందని మజ్జిగలో, సంగటిలో ఉప్పు పెంచారు. సోడియం తగ్గిందంటే ఒంట్లో ఉప్పు తక్కువైందనే కాదు, చాలామందిలో అది నీరు ఎక్కువై ఉప్పు పలచబడటం. హార్మోన్ బాగా తగ్గినప్పుడు గుండె పంపే రక్తం తగ్గుతుంది. ఒంటికి నీరు చాలలేదేమోనని మెదడు నీటిని ఆపే హార్మోన్ విడుదల చేస్తుంది. కిడ్నీల వడపోత కూడా తగ్గి ఉంటుంది. తాగిన నీళ్ళు బయటికి పోవు. పైగా కిడ్నీ రాళ్ళు రాకుండా రోజుకు నాలుగైదు లీటర్లు తాగమని ఎవరో చెప్పారు, ఆవిడ మాట తప్పకుండా తాగుతోంది.

అయితే థైరాయిడ్ ఒక్కటే సోడియంను ఇంత కిందికి లాగడం అరుదు. 2006లో ఇంగ్లండ్‌లో కొత్తగా థైరాయిడ్ తక్కువని తేలినవాళ్ళను పరిశీలిస్తే, టీఎస్‌హెచ్ 10 పెరిగిన ప్రతిసారీ సోడియం తగ్గింది సగటున 0.14 మాత్రమే. అంటే టీఎస్‌హెచ్ 7 ఉన్న మనిషికి సోడియం 122 వస్తే, థైరాయిడ్ వల్లేనని చీటీ రాసి పంపేయకూడదు. ఇంకో కారణం ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది బీపీ మాత్రల్లో దాక్కున్న థయజైడ్ మందు. ముసలివాళ్ళలో, సన్నగా ఉన్న ఆడవాళ్ళలో ఇది సోడియంను బాగా దించేస్తుంది. మాత్ర పేరు ఒకటే ఉండి లోపల రెండు మందులుంటాయి కాబట్టి, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రల పట్టీలు చేతిలో పట్టుకెళ్ళాలి. దిగులుకు వాడే కొన్ని మందులు, వాంతులు, ఊపిరితిత్తుల జబ్బులు కూడా కారణాలే.

ఇంకొకటి మరచిపోకూడనిది ఉంది. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు పనిచేయకపోయినా సోడియం తగ్గుతుంది, నీరసం వస్తుంది. అచ్చం థైరాయిడ్ తగ్గినట్టే ఉంటుంది. అలాంటి మనిషికి కార్టిసాల్ చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే, ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి బీపీ పడిపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే సోడియం తగ్గి, థైరాయిడ్ కూడా తక్కువగా కనబడినప్పుడు, పొద్దున 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్‌కు రక్తం తీసి ఆ తర్వాతే మాత్ర ఇవ్వడం పద్ధతి.

కాన్పులో రక్తం బాగా పోయిన ఆడవాళ్ళను ఇక్కడ ప్రత్యేకంగా తలచుకోవాలి. ఇంటి కాన్పులు ఎక్కువగా ఉన్న రోజుల్లో బిడ్డను కన్నవాళ్ళు ఇప్పుడు యాభైలు, అరవైల్లో ఉన్నారు. రక్తస్రావంతో బీపీ పడిపోయినప్పుడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినవచ్చు. థైరాయిడ్‌ను, అడ్రినల్‌ను నడిపించేది అదే. ఆ తర్వాత పాలు రావు, ముట్టు మళ్ళీ రాదు, ఏళ్ళ తరబడి నీరసం. దీన్ని షీహన్ జబ్బు అంటారు. ఇందులో టీఎస్‌హెచ్ మామూలుగానే రావచ్చు, ఎందుకంటే టీఎస్‌హెచ్‌ను తయారుచేసే గ్రంథే దెబ్బతింది. ఒక్క టీఎస్‌హెచ్ చూసి థైరాయిడ్ బాగుందనేస్తే జబ్బు పూర్తిగా చేయి జారిపోతుంది. ఫ్రీ టీ4 కూడా చేయాలి. సోడియం తగ్గిన పెద్దావిడను “అమ్మా, చివరి కాన్పులో రక్తం బాగా పోయిందా? పిల్లకి పాలు పడినాయా?” అని అడగడం, అరడజను పరీక్షలు చెప్పలేనిది చెబుతుంది.

మన పలమనేరు గృహిణికి టీఎస్‌హెచ్ 88 వచ్చింది, ఫ్రీ టీ4 0.3. టీఎస్‌హెచ్ దాదాపు 0.5 నుంచి 5 మధ్య ఉండాలి, ఫ్రీ టీ4 సుమారు 0.8 నుంచి 1.8. అంటే పిట్యూటరీ గట్టిగానే అరుస్తోంది, మెడలోని గ్రంథే పలకడం లేదు. పొద్దున కార్టిసాల్ 17, సరిపడా ఉంది. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసే హాషిమోటో రకం ఇలా మందగించడానికి తరచుగా కనబడే కారణం. యాంటీ టీపీవో పరీక్ష ఆ మాటే చెప్పింది. మెడ దగ్గర వాపు లేదు. వాపు ఉంటేనే థైరాయిడ్ అనుకోవడం పెద్ద పొరపాటు.

సోడియం 126తో తూలుతోంది కాబట్టి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. థయజైడ్ ఉన్న బీపీ మాత్ర ఆపి వేరే రకం ఇచ్చారు. నీళ్ళు రోజుకు లీటరుంబావుకు కుదించారు. కొన్ని గంటలకొకసారి సోడియం చూశారు. ఇలా పదేపదే చూడటం తగ్గిందా లేదా అని తెలుసుకోవడానికే కాదు, మరీ త్వరగా పెరగకుండా కాపలా కాయడానికి. చాలాకాలంగా తక్కువగా ఉన్న సోడియం 24 గంటల్లో 8కి మించి పెరిగితే మెదడులోని నరాల పొర దెబ్బతిని, మాట, మింగుడు, కాళ్ళు చేతులు పోయే ప్రమాదం ఉంది. థయజైడ్ ఆపగానే కొందరిలో అది ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఈవిడకు వారానికి 134 చేరింది. థైరాయిడ్ మాత్ర వారంలో ఇంత పని చేయలేదు. అంటే సోడియం దించడంలో పెద్ద వాటా బీపీ మందుదీ, ఎక్కువ నీళ్ళదీ. థైరాయిడ్ వాటికి తోడైంది.

లెవోథైరాక్సిన్ మోతాదు పెద్దవాళ్ళలో కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన తేలుతుంది. ఈవిడ 62 కిలోలు, అంటే దాదాపు 100. వయసు, బీపీ చూసి, ఈసీజీ తీసి, ముందు 50తో మొదలుపెట్టి తర్వాత 100 చేశారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు, పెద్ద వయసువాళ్ళకు ఇంకా తక్కువతో, 25తో మొదలుపెడతారు. మాత్ర పరగడుపున నీళ్ళతోనే వేసుకోవాలి, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా వద్దు. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటలు ఎడం పెట్టాలి, లేకపోతే మందు పేగుల్లోనే ఆగిపోతుంది. మొదటి పది రోజుల్లో ఏమీ తేడా లేదని చాలామంది ఆపేస్తారు. ఈ హార్మోన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఏడు రోజులు పడుతుంది. దాని మట్టం నిలకడకు రావడానికి ఐదారు వారాలు కావాలి. అందుకే టీఎస్‌హెచ్‌ను ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చూస్తారు, అంతకు ముందు చూసి మోతాదు మార్చడం పొరపాటు.

స్టాటిన్ కూడా ఆపారు. ఆపిన రెండు వారాలకు సీపీకే ఇంకా 1500 దగ్గరే ఉంది. స్టాటిన్ ఒక్కటే కారణమైతే ఈపాటికి బాగా దిగాలి. ఎనిమిది వారాలకు 210. టీఎస్‌హెచ్ అప్పటికి 19, ఇంకా మామూలు కాలేదు, కండరం మాత్రం ముందే కోలుకుంది. ఇలా జరగడం సాధారణమే. కాబట్టి టీఎస్‌హెచ్ పూర్తిగా సర్దుకున్నా సీపీకే వేలల్లోనే ఉంటే, లేదా బలహీనత పెరుగుతూ పోతే, కారణం థైరాయిడ్ కాదని గుర్తుపెట్టుకుని కండరాల వాపు జబ్బుల కోసం వెతకాలి. వరుస తిరగేసినా ప్రమాదమే. టీఎస్‌హెచ్ చూడకుండా కండరం ముక్క తీసి పరీక్షకు పంపడం, స్టెరాయిడ్లు మొదలుపెట్టడం జరిగితే, అక్కర్లేని మందు నెలల తరబడి మింగాల్సి వస్తుంది. మూడు నెలలకు స్టాటిన్ లేకుండానే కొలెస్ట్రాల్ 205కు వచ్చింది. ఇక స్టాటిన్ కావాలా వద్దా అన్నది గుండె ప్రమాదాన్ని బట్టి అప్పుడు నిర్ణయించుకోవచ్చు. ఎస్‌జీఓటీ, క్రియాటినిన్ రెండూ మామూలుకు వచ్చాయి.

భారతదేశంలో ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన ఒక సర్వేలో పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువని తేలింది. వాళ్ళలో మూడో వంతు మందికి తమకు ఆ జబ్బుందని అంతకుముందు తెలియదు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఆ నగరాల్లో ఉన్నాయి. ఇంత సాధారణమైన జబ్బు కాబట్టి అది నొప్పి పక్కన ఊరికే కూడా ఉండవచ్చు. టీఎస్‌హెచ్ 6 వచ్చిందని ప్రతి ఒళ్ళునొప్పినీ దాని ఖాతాలో వేయకూడదు. సీపీకే బాగా పెరగడం, రెండు చేతుల తిమ్మిరి, బొంగురు గొంతు లాంటివి టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా, టీ4 తక్కువగా ఉన్నప్పుడే ఒక దారాన పడతాయి.

టీటీడీ స్థాపించిన స్విమ్స్‌లో కానీ, చిత్తూరు వాళ్ళు ఎక్కువగా వెళ్ళే వేలూరు సీఎంసీలో కానీ నరాలు, కిడ్నీలు, హార్మోన్ల విభాగాలన్నీ ఉన్నాయి. ఎముకలకు తిరుపతిలో బర్డ్ ఉంది. అయినా ఒక్కో బాధకు ఒక్కో చీటీ తీసుకుని ఒక్కో చోటికి వెళ్తే, ఒక డాక్టరు చూసిన సీపీకే ఇంకొకరికి తెలియదు. ఏ చీటీ మీద వెళ్ళినా పాత రిపోర్టులన్నీ, మాత్రల పట్టీలన్నీ ఒకే సంచిలో ఉండాలి. నొప్పి ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, తిమ్మిరి, గొంతు, చలి సంగతులు కూడా అదే డాక్టరుకు చెప్పాలి.

చేతులు అన్నిటికంటే నెమ్మదిగా కోలుకుంటాయి. రాత్రిపూట మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే స్ప్లింట్ కట్టుకుని పడుకోమన్నారు. మెడ పట్టీ తీసేశారు. కొన్నాళ్ళు పాలు కొడుకు పిండాడు. మూడు నెలలకు కుడిచేతి తిమ్మిరి దాదాపు పోయింది, ఎడమది సగం తగ్గింది. జిగురు నీరు దిగిపోయినా, చాలాకాలం నలిగిన నరం అంత త్వరగా కోలుకోదు, కొందరిలో పూర్తిగా కోలుకోదు కూడా. బొటనవేలి మొదట అరచేతిలో ఉండే కండ పల్చబడిపోయినా, చొక్కా గుండీ పెట్టుకోలేకపోయినా, వేళ్ళకు స్పర్శ ఎప్పుడూ తెలియకపోయినా, థైరాయిడ్ సర్దుకునేదాకా ఆగడం సరికాదు. అప్పుడు మణికట్టు పట్టీని కోసి నరానికి చోటిచ్చే చిన్న ఆపరేషన్ గురించి ఆలోచించాలి. కండ పోయాక చేసినా తిమ్మిరి తగ్గుతుంది కానీ పోయిన పట్టు తిరిగి రావడం కష్టం. ఈవిడ ఎడమచేతికి ఆర్నెల్ల తర్వాత మళ్ళీ నరాల వేగం పరీక్ష చేసి, అప్పటికి సగానికి మించి బాగుపడకపోతే ఆపరేషన్ చేద్దామని తేల్చారు.